మెనోపాజ్ ముందరి అలజడా, డిప్రెషనా? తేడా క్యాలెండర్‌లో కనిపిస్తుంది

నలభై అయిదేళ్లు దాటిన స్త్రీ డాక్టర్ దగ్గరకు వెళ్లి "ఊరికే కోపం వస్తోంది, గుండె దడగా ఉంటోంది, ఏదీ గుర్తుండడం లేదు" అంటే చాలాసార్లు ఈసీజీ తీసి, టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపేస్తారు. కాదంటే నిద్రమాత్ర రాసిస్తారు. నెలసరి ఎలా వస్తోందని అడిగేవారు తక్కువ. మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అదేనని నా వాదన.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు లెక్కలు రాసే 46 ఏళ్ల ఉద్యోగినిని ఊహించుకుందాం. కొన్ని నెలలుగా ఆమెకు నెలసరి ఒకసారి 24 రోజులకు, మరోసారి 36 రోజులకు వస్తోంది. తెల్లవారుజామున ఒళ్లంతా సెగ కమ్మి, జాకెట్టు చెమటతో తడిసి మెలకువ వస్తుంది. ఇక నిద్ర పట్టదు. మర్నాడు టిక్కీల లెక్క కూడుతూ ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయి మళ్లీ మొదలుపెడుతుంది. ఇంట్లో కూతురు చిన్న మాట అన్నా ఏడుపు ముంచుకొస్తుంది. నాలుగు రోజులు గడిచాక అదే మనిషి చెల్లెలితో కలిసి ఉత్సాహంగా మంగళగిరి తిరునాళ్లకు వెళ్తుంది. "మొన్న నాకేమైంది?" అని తనే ఆశ్చర్యపోతుంది.

ఒక నెలసరికి, తర్వాతి నెలసరికి మధ్య వ్యవధి ఏడు రోజులు గానీ అంతకు మించి గానీ తేడాగా మారుతూ, అది మళ్లీ మళ్లీ కనిపిస్తే మెనోపాజ్‌కు ముందు దశ అయిన పెరిమెనోపాజ్ మొదలైనట్టు లెక్క. ఈ దశలో ఈస్ట్రోజెన్ మెల్లగా తగ్గుతూ పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక వారం బాగా పెరిగి మరో వారం పడిపోతుంది. అండం విడుదల కాని నెలల్లో మెదడును శాంతపరిచే ప్రొజెస్టెరాన్ కూడా సరిగా తయారుకాదు. అందుకే మనసు కూడా కుదురుగా ఉండదు. 45 దాటాక ఒక్కరోజు రక్తం తీసి చేసే హార్మోన్ పరీక్షతో ఇది తేలకపోవడానికి కారణమూ ఈ హెచ్చుతగ్గులే. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు మాత్రం చేయించాలి. అవి తేడాగా ఉన్నా ఇవే లక్షణాలు వస్తాయి.

డిప్రెషన్ నడక వేరు. దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం, కనీసం రెండు వారాలు మనిషిని వదలదు. దానికి తోడు తిండి, నిద్ర, శక్తి దెబ్బతింటాయి. తాను ఎందుకూ పనికిరాననే భావన పాతుకుపోతుంది. తిరునాళ్లకు తీసుకెళ్లినా ఆ మనిషికి ఏమీ అనిపించదు.

ఆస్పత్రుల్లో వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళితో ఇక్కడ ఒక చిక్కుంది. తొమ్మిది ప్రశ్నలకు ఒక్కోదానికి మూడు వరకు మార్కులుంటాయి, మొత్తం పది గానీ అంతకు మించి గానీ వస్తే డిప్రెషన్ అనుమానిస్తారు. నిద్ర, అలసట, ఏకాగ్రత అనే మూడు ప్రశ్నలకే మన ఉద్యోగినికి తొమ్మిది మార్కులు పడవచ్చు. కాబట్టి మొత్తం ఒక్కటే చూస్తే సరిపోదు. ఆసక్తి, దిగులు, తనపై తనకున్న అభిప్రాయం, చావు ఆలోచనల గురించిన ప్రశ్నలకు ఏం చెప్పిందో విడిగా చదవాలి. చావు ఆలోచన ఉంటే ఇంకేదీ తేలేదాకా ఆగకూడదు. అదే రోజు సైకియాట్రిస్టును కలవాలి లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయాలి.

మిగతావారు వంటింటి గోడమీది క్యాలెండర్‌లోనే రెండు నెలలపాటు నెలసరి రోజులు, సెగలు వచ్చిన రాత్రులు, మనసు బాగాలేని రోజులు గుర్తు పెట్టుకుంటే చాలు. సెగల రాత్రి వెనకే చెడ్డ పగలు వస్తూ, మధ్యలో మంచి రోజులు కనిపిస్తే దారి గైనకాలజిస్టు వైపు. రెండు వారాలు వరసగా చీకటే ఉంటే సైకియాట్రిస్టు వైపు. రెండూ కలిసి రావడమూ ఉంది, ముఖ్యంగా గతంలో, ప్రసవం తర్వాత గానీ మరెప్పుడైనా గానీ, డిప్రెషన్ వచ్చినవారికి. అలాంటివారు ఇప్పటికే వాడుతున్న మందులను "ఇదంతా వయసు వల్లే" అని సొంతంగా ఆపేయకూడదు.

మతిమరుపు చూసి అల్జీమర్స్ అని హడలిపోయేవారున్నారు. ఈ దశలో పేర్లు, మాటలు సమయానికి తట్టకపోవడం మామూలే. నెలసరి పూర్తిగా ఆగాక చాలామందిలో అది సర్దుకుంటుంది. తెలిసిన దారిలో తప్పిపోవడం, రోజూ చేసే వంట ఎలా చేయాలో మరిచిపోవడం మాత్రం న్యూరాలజిస్టుకు చూపించవలసిన విషయాలు.

హార్మోన్ చికిత్స సెగలను, నిద్రను బాగు చేసి, దాంతో మనసునూ తేలికపరచగలదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి సాధారణంగా అది ఇవ్వరు. డిప్రెషన్ నిర్ధారణ అయితే దానికి యాంటీడిప్రెసెంట్లు, కౌన్సెలింగ్ ఉండాల్సిందే. హార్మోన్లు వాటికి బదులు కావు.

మన ప్రాంతంలో ఇంకో సమస్య ఉంది, దాని గురించి మాట్లాడేవారే లేరు. గర్భసంచి తొలగింపు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపించాయి. ముప్పైల్లోనే ఆపరేషన్ అయిన స్త్రీకి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవడానికి నెలసరే లేదు. అండాశయాలు ఉంచినా అవి కాస్త ముందుగా అలసిపోవచ్చు. వాటినీ తీసేసి ఉంటే మెనోపాజ్ ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఆమెకు నలభైకే దడ, ఏడుపు మొదలైతే వయసు చూసి పెరిమెనోపాజ్ ఊసెత్తరు. అందుకే ఆ ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం వెతికి, అండాశయాలు ఉంచారో తీశారో చూసుకుని, డాక్టర్ దగ్గరకు దాన్ని వెంట తీసుకెళ్లాలి.