మూడు రెట్ల లెక్క కప్పుకే, కాటాకు కాదు

ఎండు శనగలు నానబెట్టి ఉడికిస్తే మూడింతలవుతాయని వంట తెలిసినవాళ్లలో చాలామంది చెబుతారు. మాట తప్పు కాదు. కాకపోతే అది కప్పుతో కొలిచేవాళ్ల లెక్క. దాన్నే కాటా దగ్గర వాడితే ప్రతిసారీ తక్కువ పడుతుంది. అదీ కొద్దిగా కాదు, పావు వంతుకు పైగా. తూకంలో శనగలు రెండింతలు దాటి ఇంకాస్త పెరిగి అక్కడితో ఆగిపోతాయి. ఎన్ని శనగలు నానబెట్టాలన్న ప్రశ్నకు వచ్చే తప్పుడు జవాబుల్లో ఎక్కువ భాగం ఈ రెండు లెక్కలను కలిపేయడం వల్లే వస్తున్నాయన్నది నా అభిప్రాయం.

ఒక కప్పులో సుమారు 200 గ్రాముల ఎండు శనగలు పడతాయనుకుందాం. అదే కప్పులో ఉడికిన శనగలు పోస్తే 165 గ్రాములే పడతాయి. గింజ ఉబ్బాక గింజకూ గింజకూ మధ్య ఖాళీలు పెద్దవవుతాయి, పైగా నీరు పట్టిన గింజ అదే పరిమాణంలో ఎండు గింజకన్నా తేలిక. అంటే కప్పు ఎండు శనగలు ఉడికాక తూకంలో 430 గ్రాముల దగ్గర తేలితే, కొలతలో మాత్రం రెండున్నర కప్పులు దాటిపోతాయి. గిన్నెలోకి చూసినవాళ్లకు అవి మూడింతలుగానే కనిపిస్తాయి. కళ్లు చెప్పేదీ కాటా చెప్పేదీ రెండూ నిజమే. ఏది ఎక్కడ వాడుతున్నామో గుర్తుంటే చాలు.

మరి తూకంలో రెండింతల దగ్గరే ఎందుకు ఆగుతుంది? ఎండు శనగల్లో నీరు నూటికి పది, పన్నెండు పాళ్లు ఉంటుంది. మిగతాదంతా పిండిపదార్థం, మాంసకృత్తులు, పీచు, కొద్దిగా నూనె. మెత్తగా ఉడికిన శనగల్లో నీరు నూటికి అరవై పాళ్ల దగ్గర ఉంటుంది. ఇప్పుడు 100 గ్రాముల ఎండు శనగలు తీసుకోండి. అందులో నీరు కాని సరుకు 89 గ్రాములు. నానబెట్టిన నీటిలోకి, ఉడికించిన నీటిలోకి కొంత కరిగిపోతుంది. అది ఆరు గ్రాములనుకుంటే 83 మిగిలాయి. ఉడికిన గింజలో ఈ సరుకు వాటా నూటికి 39 అయితే, మొత్తం బరువు 83ని 0.39తో భాగిస్తే వచ్చేంత, అంటే 213 గ్రాములు. గింజ రకాన్ని బట్టి, ఎంత మెత్తగా ఉడికించామన్నదాన్ని బట్టి ఇది 205 నుంచి 235 దాకా కదులుతుంది. 300 కావాలంటే గింజలో నీరు నూటికి డెబ్బై పాళ్లు దాటాలి. ఆ దశకు ముందే శనగ పగిలి చారులో కలిసిపోవడం మొదలవుతుంది.

నలభై మందికి తలా 100 గ్రాముల ఉడికిన శనగలు పెట్టాలనుకోండి. కావలసింది 4 కిలోలు. మూడింతల లెక్క నమ్మినవాళ్లు కిలో 330 గ్రాములు నానబెడతారు. అవి ఉడికి, వార్చాక 2 కిలోల 850 గ్రాముల చుట్టుపక్కల తేలతాయి. అంటే ఇరవై ఎనిమిది మందికి సరిపోయి, పన్నెండు మందికి మిగలవు. సరైన లెక్క కావలసిన బరువును 2.15తో భాగించడం. 4 కిలోలకు కిలో 860 వస్తుంది. ఏరేటప్పుడు పోయే పుచ్చు గింజలు, నానని గింజలు, గిన్నె అడుగున మెదిగిపోయేవి కలుపుకుని 2 కిలోలు తూచుకుంటే టెన్షన్ ఉండదు. ఇంత చిన్న భాగహారానికి కాటా ఒక్కటే పెట్టుబడి.

గిన్నె విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 2 కిలోల శనగలు తమ బరువుకు దాదాపు సమానంగా, అంటే సుమారు 2 లీటర్ల నీరు తాగుతాయి. తాగగా పైన ఇంకా నీరు నిలవాలి కాబట్టి 6 లీటర్లు పోయాలి. పది లీటర్ల గిన్నె తీసుకుంటే నిశ్చింత. చిన్న గిన్నెలో పెడితే రాత్రికి రాత్రే పై వరస గింజలు నీటి మీదికి తేలి ఆరిపోతాయి. కిందివి నానతాయి, పైవి సగమే నానతాయి. ఇక కుక్కర్లో రెండూ ఒకేసారి ఎలా ఉడుకుతాయి?

శనగల విషయంలో చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. బరువు పెరిగేదంతా దాదాపు నానేటప్పుడే. 100 గ్రాములు నానాక 200 దగ్గరికి వచ్చేస్తాయి, ఉడికాక అక్కడి నుంచి పెరిగేది పదో, ఇరవయ్యో గ్రాములు. ఉడికేటప్పుడు ఇంకొంత నీరు పడుతుంది, కొంత సరుకు చారులోకి జారుతుంది. అందుకే పొయ్యి వెలిగించకముందే ఫలితం ఎంత వస్తుందో కాటా చెప్పేస్తుంది. నానిన శనగలను వార్చి తూచండి. 2 కిలోలకు 3 కిలోల 900 వస్తే పని సవ్యంగా నడుస్తోంది. 3 కిలోల 300 దగ్గరే ఆగితే ఇంకా నానాలి, లేదా సరుకులో లోపం ఉంది.

ఆ రెండింటిలో ఏదో తేల్చాలంటే ఒక గింజను పొట్టు తీసి రెండు బద్దలుగా విడదీసి చూడాలి. పూర్తిగా నానిన బద్ద లోపలి ముఖం దాదాపు చదునుగా, అంచు నుంచి మధ్య దాకా ఒకే రంగులో ఉంటుంది. గోరు గుచ్చితే ఎక్కడైనా ఒకేలా దిగుతుంది. నానడం పూర్తికాని బద్ద మధ్యలో గుంట పడి ఉంటుంది, అక్కడ పాలిపోయిన పొడి మచ్చ కనిపిస్తుంది. గోరు అంచున దిగి మధ్యలో ఆగిపోతుంది. అలా ఉంటే మరో రెండు, మూడు గంటలు ఉంచితే సరిపోతుంది. మామూలు గది వేడిలో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది, చల్లని నీటిలో ఇంకా ఎక్కువ. ఎండ ముదిరిన రోజుల్లో పన్నెండు గంటలు దాటనివ్వకూడదు. నీటి మీద నురగ కట్టి పుల్లటి వాసన వస్తే పులియడం మొదలైందన్నమాట. తొందరగా కావాలంటే గింజలను నీటిలో రెండు నిమిషాలు మరిగించి, పొయ్యి ఆపి, మూతపెట్టి గంటసేపు వదిలేయొచ్చు.

సరుకు లోపం రెండు రకాలు. రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల మందు తప్పుతోంది. మొదటిది నీరే తాగని గింజ. పొట్టు బిగుసుకుపోయి, పన్నెండు గంటల తర్వాత కూడా ఎండు గింజంత చిన్నగా, రాయిలా మిగులుతుంది. మిగతావన్నీ ఉబ్బాయి కాబట్టి చేత్తో కలిపితేనే తగులుతుంది, ఏరి పారేయొచ్చు. తూకం దీన్ని పట్టేస్తుంది. రెండోది తూకానికి చిక్కదు. గింజ శుభ్రంగా నానుతుంది, బరువు రెండింతలవుతుంది, కానీ గంటల తరబడి ఉడికించినా పలుకుగానే ఉంటుంది. వేడి, తేమ ఉన్న చోట నెలల తరబడి నిల్వ చేసిన సరుకుకు వచ్చే జబ్బు ఇది. గింజలోని కణాలను అతికి ఉంచే పెక్టిన్ గట్టిపడి, మరుగుతున్న నీటిలో కూడా విడిపోదు. నీటిలో సున్నం ఎక్కువున్నా, ముందే పులుపు వేసినా మంచి గింజ కూడా ఇలాగే మొరాయిస్తుంది. నానబెట్టే నీటిలో లీటరుకు 15 గ్రాముల ఉప్పు వేస్తే పొట్టు త్వరగా మెత్తబడుతుంది. ఉప్పు వేస్తే గింజ ఉడకదన్న భయం అక్కర్లేదు, ఇబ్బంది పెట్టేది పులుపు. వంట సోడా పనిచేస్తుంది కానీ చిటికెడు దాటితే పొట్టు ఊడి, బద్దలు కరిగి, వార్చాక బరువు తగ్గిపోతుంది. అప్పుడు 2.15 కూడా అందదు.

శనగల లెక్కను అన్ని గింజలకూ అంటగట్టకూడదు. రాజ్మా ఉడికాక నీరు నూటికి అరవై ఏడు పాళ్ల దాకా పడుతుంది. అందుకే 100 గ్రాములు 240 నుంచి 260 అవుతాయి. పైన చెప్పిన 4 కిలోలు రాజ్మాతో కావాలంటే కిలో 600 చాలు. అయితే రాజ్మాను బరువు పెరిగింది కదా అని సగం ఉడుకులో దించడం ప్రమాదం. అందులో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విష పదార్థం ఉంటుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో కనీసం పది నిమిషాలు తెర్లేలా మరిగిస్తేనే అది నశిస్తుంది. మరగకుండా సన్నని వేడి మీద గంటల తరబడి ఉంచితే విషం పోకుండానే గింజ మెత్తబడొచ్చు. తింటే కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి.

ఎప్పుడు తూచామన్నది కూడా జవాబును మారుస్తుంది. ఉడికిన నీటిలోనే చల్లారనిస్తే గింజ ఇంకొంచెం తాగుతుంది. వేడిగా వార్చి పళ్లెంలో పరిస్తే ఆవిరి పోయి బరువు తగ్గుతుంది. చిల్లుల గిన్నెలో ఐదు నిమిషాలు వార్చి తూచడం అనే ఒకే పద్ధతి పాటిస్తే ఈసారి లెక్కనూ వచ్చేసారి లెక్కనూ పోల్చుకోవచ్చు.

వంటకాలు రాసేవాళ్లు, ఆహార సలహాలిచ్చేవాళ్లు ఇక్కడ బాధ్యత తీసుకోవాలి. '200 గ్రాముల శనగలు' అని రాసి వదిలేస్తే చదివేవాళ్లకు ఎండువా, నానినవా, ఉడికినవా ఎలా తెలుస్తుంది? ప్యాకెట్ మీద 100 గ్రాములకు 20 గ్రాముల ప్రోటీన్ అని ఉంటే అది ఎండు గింజలది. ఉడికిన 100 గ్రాముల్లో ఉండేది తొమ్మిది లోపే. పళ్లెంలో 150 గ్రాముల ఉడికిన శనగలు పెట్టుకుని 30 గ్రాముల ప్రోటీన్ అందిందనుకునే మనిషికి నిజంగా అందేది 13 గ్రాములు. కండరాల కోసమో, జబ్బు వల్లో మాంసకృత్తులు లెక్కపెట్టుకుని తినేవాళ్లకు ఇది చిన్న పొరపాటు కాదు. ఒక్క మాట చేర్చి 'ఎండువి' అని రాయడానికి అభ్యంతరం ఏముంటుంది?

పెద్ద వంట పెట్టుకున్నవాళ్లు 2.15ను కూడా గుడ్డిగా నమ్మనక్కర్లేదు. అదే బస్తాలోంచి 250 గ్రాములు ముందు రోజు నానబెట్టి, ఉడికించి, వార్చి తూచితే ఆ సరుకు సొంత అంకె చేతికొస్తుంది. 540 గ్రాములు వస్తే 2.16. 510 దగ్గరే ఆగితే 2.04, అంటే 4 కిలోలకు 2 కిలోలు బొటాబొటిగా సరిపోతాయి కాబట్టి 2 కిలోల 100 పోసుకోవాలి. బస్తాలో పలుకు దిగని జబ్బు ఉంటే అదీ ఆ పావుకిలోలోనే బయటపడుతుంది, సరుకు మార్చుకోవడానికి ఒక పూట మిగులుతుంది.