వస్తే లాభం, రాకపోతే పోయేదేం లేదు: ఈ లెక్క ఎక్కడ తప్పింది?

"ఐపీఓల్లో సగటున పది పన్నెండు శాతం లిస్టింగ్ లాభం ఉంటుంది. కంపెనీలే తెలివితక్కువగా చవగ్గా ఇస్తున్నాయి. అందుకే వచ్చిన ప్రతి ఐపీఓకీ అప్లై చెయ్యండి. వస్తే లాభం, రాకపోతే డబ్బు బ్యాంకులోనే ఉంటుంది, పోయేదేం లేదు. అంతగా భయమైతే చివరి రోజు పెద్ద ఇన్వెస్టర్ల నంబర్లు చూసి వెయ్యండి."

ఒంగోలులో మా కార్పొరేట్ ఫైనాన్స్ సెమినార్‌కి వచ్చే కందుకూరు అబ్బాయి ఒకడు ఈ ఫార్వర్డ్ చూపించి, "సార్, మా మామయ్య దీన్ని నమ్మి ఇంట్లో నాలుగు డీమ్యాట్ అకౌంట్లు తెరిచాడు" అన్నాడు. ఇందులో కొన్ని మాటలు నిజమే, చిక్కంతా అక్కడే ఉంది.

ముందు సగటు సంగతి. కంపెనీ తన షేర్లను మొదటిసారి జనానికి అమ్మే ఇష్యూనే ఐపీఓ అంటారు. ఈ షేర్లు సగటున మార్కెట్లో మొదటి రోజు ఇష్యూ ధరకంటే పైన ముగుస్తాయన్నది చాలా దేశాల్లో, చాలా ఏళ్లుగా కనిపిస్తున్నదే. కానీ ఆ సగటు ప్రతి ఇష్యూలోనూ మనకు ఒకేలా షేర్లు వచ్చినట్టు లెక్క కట్టింది. నిజంగా వచ్చేది అలా కాదు.

కొత్తపట్నం తీరంలో బుట్ట ఇంత అని అన్నిటికీ ఒకే ధర చెప్పి చేపలు అమ్మారనుకోండి. తెలిసినవాళ్లు మొప్పలెత్తి చూసి ఎర్రగా ఉన్న బుట్టలు పట్టుకుపోతారు. వాటి దగ్గర తోపులాట. ఏమీ తెలియని నాలాంటివాడికి అక్కడ ఒక బుట్ట దొరికితే గొప్ప. మెత్తబడ్డ చేపల బుట్టలు మాత్రం అడిగినన్ని ఇస్తారు. అడిగినన్నీ దొరికాయంటే నేను సంతోషించాలా, భయపడాలా? ఆర్థికవేత్త కెవిన్ రాక్ 1986లో ఐపీఓల గురించి చెప్పింది ఇదే. దీనికే 'గెలిచినవాడి శాపం' అని పేరు.

అంకెల్లో చూద్దాం. ఇవి బోర్డు మీద నేను వేసుకున్న ఊహా అంకెలు. ఏడాదిలో పది ఇష్యూలు వచ్చాయి, ఒక్కో లాటు, అంటే కలిపి అమ్మే షేర్ల కట్ట, 15,000 రూపాయలు. ఆరు మంచివి, ఒక్కోటి 30 శాతం పెరిగింది. నాలుగు చెడ్డవి, ఒక్కోటి 15 శాతం పడింది. మామూలు సగటు తీస్తే 12 శాతం లాభం, ఫార్వర్డ్‌లో చెప్పినట్టే. ఇప్పుడు అలాట్‌మెంట్, అంటే అడిగినవాళ్లలో ఎవరికి దక్కిందన్నది, కలపండి. మంచి వాటికి జనం ఎగబడ్డారు, పన్నెండు మందిలో ఒకరికి దక్కింది. ఆరింటికీ అప్లై చేస్తే సగటున చేతికొచ్చేది అర లాటు, లాభం 2,250 రూపాయలు. చెడ్డ నాలుగూ అడిగిన అందరికీ వచ్చాయి. ఒక్కోదానిలో 2,250 చొప్పున 9,000 నష్టం. మొత్తం మీద 6,750 పోయింది. చేతికొచ్చిన నాలుగున్నర లాట్ల ఖరీదు 67,500 కాబట్టి, ఇది 10 శాతం నష్టం. ఇష్యూలు అవే, ధరలూ అవే. అయినా 12 శాతం లాభం కాస్తా 10 శాతం నష్టమైంది.

ఇది బోర్డు మీద లెక్కే కాదు. సింగపూర్‌లో షేర్లు ఎవరికి దక్కాలో తేల్చే లాటరీ వివరాలు దొరుకుతాయి కాబట్టి కో, వాల్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 1989లో ఈ పరీక్ష చేశారు. పైకి 27 శాతంగా కనబడ్డ సగటు లాభం, దక్కే అవకాశాన్ని కలిపేసరికి 1 శాతం దగ్గరికి దిగింది.

రాకపోతే పోయేదేం లేదన్నది కూడా నిజమే. డబ్బు ఖాతాలోనే బ్లాక్ అవుతుంది, అలాట్ కాకపోతే విడుదలవుతుంది. కానీ పోయేది వచ్చినప్పుడే! 2021 నవంబరులో పేటీఎం ఇష్యూ ధర 2,150. మనలాంటి చిన్న ఇన్వెస్టర్లకు కేటాయించే రిటైల్ కోటాలో ఉన్న షేర్లకి రెండు రెట్లు కూడా అడగలేదు. మొదటి రోజే సుమారు 27 శాతం పడింది. 2023 నవంబరులో టాటా టెక్నాలజీస్ ధర 500, రిటైల్‌లో పదహారు రెట్లకు పైగా అడిగారు, మొదటి రోజు 1,300 దాటి ముగిసింది. రెండింటికీ అప్లై చేసినవాళ్లలో ఏది ఎక్కువమందికి తగిలి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. (రెట్లు షేర్ల లెక్క. మనకు లాటరీ దరఖాస్తుల లెక్కన తీస్తారు కాబట్టి పదహారు రెట్లంటే సరిగ్గా పదహారింట ఒకటి అని కాదు.)

ఇక కంపెనీల తెలివితక్కువతనం. నాకు ఈ ఫార్వర్డ్‌లో బాగా కోపం తెప్పించిన మాట ఇది. పై లెక్క తెలిసిన సామాన్యుడు ఏం చేస్తాడు? మరుసటి ఏడాది అసలు అప్లై చెయ్యడు. తెలిసినవాళ్ల డబ్బొక్కటే మొత్తం ఇష్యూకి సరిపోదు. మన దగ్గర కనీసం 90 శాతం సబ్‌స్క్రైబ్ కాకపోతే డబ్బు తిరిగివ్వాలి. కాబట్టి తెలియనివాణ్ణి బరిలో ఉంచడానికి ధర తగ్గించక తప్పదు. ఎంత? అదే ఉదాహరణలో మంచి లాటు అసలు విలువ 19,500, చెడ్డది 12,750. రాక్ చెప్పినట్టు ఏ ఇష్యూ ఏదో కంపెనీకీ ముందు తెలియదు, అందుకే అన్నిటికీ ఒకే ధర. అలాట్‌మెంట్ అవకాశాలు మారకపోతే, లాటు ధర 13,500కి దించినప్పుడు తెలియనివాడికి లాభం, నష్టం సరిగ్గా సున్నా అవుతాయి. అర లాటు మీద 3,000 లాభం, నాలుగు లాట్ల మీద 750 చొప్పున 3,000 నష్టం. ఆ ధర దగ్గర పైకి కనిపించే సగటు లాభం ఎంతో తెలుసా? 24 శాతానికి పైనే. అంటే పేపర్లో 24 శాతం, సామాన్యుడి జేబులో సున్నా. కంపెనీ వదులుకున్న డబ్బు దానం కాదు, అజ్ఞానం కాదు, తెలియనివాడు పారిపోకుండా కట్టే ఖర్చు. అది చేరేది తెలిసినవాడి జేబుకి.

చివరి రోజు నంబర్లు చూడమన్న సలహాలో కొంత సరుకుంది. మన పద్ధతిలో రిటైల్ కోటా వేరు, పెద్ద సంస్థలతో మనం ఒకే లాటరీలో పోటీపడం. కాబట్టి రాక్ నమూనా ఇక్కడ అచ్చుగుద్దినట్టు సరిపోదు. వాళ్లు ఎంత అడిగారో కనబడుతుంది కాబట్టి వాళ్ల సమాచారం కాస్త మనకూ అందుతుంది. అయితే అది మనకొక్కరికే కనబడడం లేదు. అందరూ అదే నంబరు చూసి అదే మధ్యాహ్నం యూపీఐ మ్యాండేట్ ఒప్పుకుంటారు, దక్కే అవకాశం ఇంకా సన్నబడుతుంది. చెడ్డ వాటిని తప్పించుకోవడానికి పనికొస్తుందేమో గానీ, మంచి వాటిని చేతికివ్వదు. తప్పించుకోవడమూ ఖాయం కాదు. 2008లో రిలయన్స్ పవర్‌కి డెబ్బై రెట్లకు పైగా అడిగినా, 450కి ఇచ్చిన షేరు మొదటి రోజే 400 కిందికి దిగింది.

ఆ అబ్బాయిని మామయ్య నోట్‌బుక్ తెమ్మన్నాను. వరసగా ఇష్యూ పేరు, పక్కన లిస్టింగ్ శాతం, అడుగున సగటు, ఎర్ర పెన్నుతో రెండు గీతలు. రాని ఇష్యూల లాభాలు కూడా ఆ సగటులో కలిపేసి ఉన్నాయి. పక్కన ఇంకో కాలమ్ గీసి, ఎన్ని లాట్లు వచ్చాయో రాసి, శాతాన్ని దాంతో గుణించమన్నాను. వాడు నాలుగు పేజీలు చేసి, "సార్, పెరిగిన వాటి పక్కన అన్నీ సున్నాలే పడుతున్నాయి" అన్నాడు. నాలుగు అకౌంట్లవీ వేరు వేరుగా రాయమని చెప్పి పంపాను.