అన్నం తినే పది నిమిషాలు అనవసరమట!

మా పాప సోషల్ పేపరు ఇప్పుడే చూశాను. ఒళ్లు మండిపోతోంది. ఎనిమిది మార్కుల ప్రశ్న: పారిశ్రామికీకరణ తర్వాత కార్మిక సంఘాలు ఎందుకు పుట్టాయి, ఎలా పోరాడాయి, ఏం సాధించాయి? వచ్చింది మూడు. "మధ్యాహ్నం అన్నం తినడానికి ఇంకో పది నిమిషాలు అడిగారు" అని రాసిన వాక్యం మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత. పక్కన "అనవసరం" అని రాశారు.

ఏది సార్ అనవసరం? ఆ వాక్యం నేనే చెప్పాను పాపకి. మనకి మూడు గంటల దూరంలో, మద్రాసు పెరంబూరులో జరిగిన సంగతి అది. అప్పట్లో చిత్తూరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ అనే బట్టల మిల్లులో మధ్యాహ్నం ఇచ్చేది అరగంట. అందులోనే బయటికి రావాలి, చేతులు కడుక్కోవాలి, తినాలి, మళ్లీ మిషను దగ్గర నిలబడాలి. ఆ చుట్టుపక్కలే వ్యాపారం చేసుకునే సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు ఈ గోడు విని, అనీబిసెంట్ అనుచరుడు బి.పి. వాడియాను పిలుచుకొచ్చారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. ముందు సమ్మె చేయలేదు, అడిగారు. అరగంట నలభై నిమిషాలైంది.

దీన్ని "తక్కువ జీతం, ఎక్కువ పనిగంటలు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తే పిల్లలకి ఏం అర్థమవుతుంది? నారాయణవనంలో మా చిన్నత్త వాళ్లది మగ్గం ఇల్లు. మామ ఆకలైతే గుంటలోంచి లేచి అన్నం తిని వస్తాడు. కూలి తక్కువే, అప్పులూ ఉన్నాయి, కానీ ఎప్పుడు లేవాలో ఆయన ఇష్టం. మిల్లులో అది పోయింది. ఎప్పుడు తినాలో కూత చెబుతుంది. ఒక్కడే వెళ్లి అడిగితే రేపటి నుంచి రావద్దంటారు, ఆ చోటికి ఇంకొకడొస్తాడు. వేలమంది ఒకే గేటులోంచి వస్తూ పోతూ ఉంటే కలిసి అడగడం కుదిరింది. కారణమంటే ఇది సార్.

ఇక పద్ధతులు. గైడులో "సమ్మెలు" అని ఒక్క మాట. మరి యజమాని చేసింది ఎవరు రాస్తారు? 1920లో మిల్లు గేటుకి తాళం వేశారు. అది చాలదని వాడియా మీద హైకోర్టులో కేసు వేశారు. సంఘానికి రక్షణగా అప్పట్లో చట్టమే లేదు. పనికి వెళ్లొద్దని కార్మికులకి చెప్పినా, ఒప్పందాన్ని చెడగొట్టావంటూ నష్టపరిహారం అడగొచ్చు. చివరికి వాడియా యూనియన్ నుంచి తప్పుకుంటేనే రాజీ కుదిరింది. సంఘం పెట్టినవాడే సంఘానికి దూరమయ్యాడు!

ఈ కేసు చూసే కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో సంఘాల రక్షణకి చట్టం కావాలని తీర్మానం తెచ్చారు. చట్టం వచ్చేసరికి 1926. ఆ చట్టం కింద ఏడుగురు కలిస్తే రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు చేసుకునే వీలొచ్చింది, రిజిస్టరైన సంఘం మీద అలాంటి దావాలు నిలవకుండా పోయాయి. ఈలోగా, 1921లోనే అదే మిల్లులో మళ్లీ పెద్ద సమ్మె జరిగి ఓడిపోయింది. కులాల వారీగా కార్మికులు రెండుగా చీలిపోయి కొట్టుకున్నారు, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. ఫలితాల కింద "చట్టాలు వచ్చాయి" అని ఒక్క లైను రాస్తే ఈ ఓటమి ఎక్కడికి పోయింది?

నాకింత కోపం ఎందుకంటే, మా అమ్మ బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆరు సీజన్లు పనిచేసింది. తోతాపురి కాయలు కోసీ కోసీ జీడి తగిలి వేళ్ల సందుల్లో నల్లగా పుండ్లు పడేవి. ఆ చేతులతో అన్నం కలుపుకుంటే మంట. అందుకని చేతులు బాగా కడుక్కునేసరికే సగం టైమ్ అయిపోయేది. ఒక ఏడు ఆడవాళ్లంతా కలిసి మేస్త్రీని అడిగారు, ఇంకో పది నిమిషాలివ్వమని. మర్నాడు పొద్దున ట్రాక్టరు ఊళ్లోకి వచ్చింది. ముందు నిలబడి మాట్లాడిన ఇద్దరిని ఎక్కించుకోలేదు. అందులో అమ్మ ఒకతె. సంఘం లేదు, కాగితం లేదు, ఆ ఇద్దరి తరఫున అడగడానికి ఎవరూ లేరు. మిగతావాళ్లు తల దించుకుని ఎక్కేశారు. వాళ్లని అమ్మ ఒక్క మాట కూడా అనలేదు, ఇళ్లలో పిల్లలున్నారు కదా అంది.

పాప ఆ వాక్యం రాసింది వాళ్ల అవ్వ చేతులు చూసి. రేపు పొద్దున పేపరు పట్టుకుని స్కూలుకి వెళ్తున్నాను. అమ్మ కూడా వస్తానంది.