సవరణ: లైసెన్సు లేని డ్రైవరు, బీమా కంపెనీ

"డ్రైవరుకు లైసెన్సు లేకపోతే కంపెనీ తప్పించుకుంటుంది, బాధితుడు యజమాని చుట్టూ తిరగాల్సిందే" అన్న మొన్నటి వాక్యానికి సవరణ:

పాలసీ అమల్లో ఉంటే, దారిన పోతూ గాయపడిన మనిషికి లైసెన్సు తగాదాతో పని లేదు. ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్ ఉదాహరణకు 6 లక్షలు, వడ్డీ ఇమ్మంటే కంపెనీ ముందు ఆ సొమ్ము జమ చేయాలి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చూపిన దారి ఇది. యజమాని నుంచి రాబట్టుకోవడానికి కంపెనీకి వేరే దావా అక్కర్లేదు. అదే ట్రైబ్యునల్‌లో అమలు పిటిషన్ వేస్తే చాలు.

అయితే యజమాని తెలిసే బండి ఇచ్చాడనో, లైసెన్సు చూడనే లేదనో నిరూపించాల్సింది కంపెనీయే (చాలాసార్లు ఇక్కడే చతికిలబడుతుంది). అసలుదిలా కనిపించే నకిలీ లైసెన్సును చూసి నమ్మిన యజమాని మీద ఈ వసూలు సాధారణంగా నిలవదు. పాలసీయే లేని బండి అయితే మాత్రం డబ్బు యజమాని, డ్రైవర్ల నుంచే రావాలి.