సమయం మనమే సూచిస్తే ఒత్తిడి చేసినట్టా?

“కొత్త క్లయింట్‌కు రాసే ఈమెయిల్‌లో మీటింగ్ సమయం మీరు చెప్పకండి, అది ఒత్తిడి చేసినట్టు ఉంటుంది. మీకు ఎప్పుడు వీలో చెప్పండి అని క్యాలెండర్ లింక్ పెట్టండి. చెప్పక తప్పకపోతే ఐదారు సమయాలు ఇవ్వండి, ఏదో ఒకటి కుదురుతుంది.”

ఇలాంటి సలహా సరైనదేనా? గోదాముల సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అమ్మే హైదరాబాద్ సంస్థ ఒకటి, డల్లాస్‌లోని ఒక పంపిణీ సంస్థ అధికారికి మొదటిసారి రాస్తోందనుకుందాం. ఎప్పుడు వీలో చెప్పమని అడిగితే ఆయన తన క్యాలెండర్ తెరవాలి, వారమంతా వెతికి ఖాళీ ఎంచుకోవాలి, అప్పుడు భారతదేశంలో అర్ధరాత్రి కాదు కదా అని చూసుకోవాలి, జవాబు రాయాలి, అది మనకు కుదిరిందని తెలిసేదాకా ఆ ఖాళీని అట్టే పెట్టుకోవాలి. ఇంకా మనమెవరో కూడా సరిగా తెలియని మనిషికి ఇంత పని అప్పగించి, దానిని మర్యాద అనుకోవడం నాకు వింతగా తోస్తుంది. అదే ఒక నిర్దిష్ట సమయం కనిపిస్తే ఆయన క్యాలెండర్‌లో ఒక్క చోటు చూసుకుని, ఫోన్‌లోనే “సరే” అని పంపగలడు. ఒత్తిడి నిజంగా ఉండేది, కాదనడానికి దారి లేకుండా రాయడంలోనూ, అడగకుండానే క్యాలెండర్ ఆహ్వానం పంపడంలోనూ ఉంటుంది. అవుట్‌లుక్‌లో మామూలుగా అలాంటి ఆహ్వానం, ఆయన ఒప్పుకోకముందే, తాత్కాలిక గుర్తుతో ఆయన రోజులోకి వచ్చి కూర్చుంటుంది. కనుక ఆహ్వానం ఆయన అంగీకరించిన తరువాతే వెళ్లాలి.

ఆ క్యాలెండర్ లింక్‌కు ఒక గుణం ఉందని ఒప్పుకోవాలి: చూసేవారి ప్రాంతానికి తగ్గట్టు సమయాన్ని అదే మార్చి చూపుతుంది. డెమో కావాలని తామే రాసినవారికి అది చక్కగా పనికొస్తుంది. మొదటి ఉత్తరంలో మాత్రం అది మరో పేజీ, మరో ఫారం. తెలియనివారు పంపిన లింక్‌లను నొక్కవద్దని ఉద్యోగులకు చెప్పే సంస్థల్లో అసలు తెరుచుకోదు. సమయాలను మార్చి చూపే ఆ పని మనమే చేసి పెడితే లింక్ అవసరం తీరిపోతుంది. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూద్దాం.

ఉత్తరం 2025 అక్టోబర్ 28, మంగళవారం వెళుతుందనుకోండి. తెలుగులో చెప్పాలంటే అది ఇలా ఉంటుంది:

“మీ రెండు గోదాముల మధ్య సరుకు బదిలీల్లో లెక్క తేడాలను మా పద్ధతి ఎలా పట్టుకుంటుందో 20 నిమిషాల్లో చూపించగలను. అక్టోబర్ 30, గురువారం ఉదయం 10 గంటలకు (డల్లాస్ సమయం) వీలవుతుందా? లేకపోతే నవంబర్ 4, మంగళవారం మధ్యాహ్నం 1 గంటకు? ఒకటి ఎంచి జవాబివ్వండి, ఆహ్వానం నేను పంపుతాను. రెండూ కుదరకపోయినా, ఈ విషయం వేరొకరు చూస్తున్నా, ఒక్క మాట చెబితే చాలు.”

ఈ రెండు తేదీల మధ్య నవంబర్ 2న అమెరికాలో గడియారాలు గంట వెనక్కి వెళ్లాయి. గురువారం డల్లాస్ 10 గంటలంటే మనకు రాత్రి 8:30. మంగళవారం 1 గంట అంటే రాత్రి 12:30, అంటే మన తేదీ బుధవారం, నవంబర్ 5. పాత తేడానే పట్టుకున్నవారు 11:30కే వచ్చి కూర్చుంటారు. మార్చిలో ఇదే పొరపాటు తిరగబడుతుంది, అక్కడి గడియారం ముందుకు జరగడం వల్ల అమ్మేవాడు గంట ఆలస్యంగా వస్తాడు; అది క్షమించడం కష్టం. అందుకే అక్కడి చలికాలపు, వేసవి సమయాలకు వాడే CST, CDT వంటి పొట్టి పేర్లు రాయకుండా “డల్లాస్ సమయం” అని ఊరి పేరుతో రాయడం మేలు, ఆహ్వానం తయారు చేసేటప్పుడు కూడా ప్రాంతంగా డల్లాస్‌కూ వర్తించే `America/Chicago` ఎంచుకుంటే గంట తేడాను క్యాలెండరే చూసుకుంటుంది. అర్ధరాత్రి 12:30కు తెలివిగా మాట్లాడలేనివారు ఆ సమయాన్ని సూచించకపోవడమే మంచిది. డల్లాస్ ఉదయం 8:30 అంటే నవంబర్‌లో మనకు రాత్రి 8 గంటలు.

ఇక ఐదారు సమయాల సంగతి. ఇచ్చిన ప్రతి సమయాన్నీ జవాబు వచ్చేదాకా మనం ఖాళీగా ఉంచాలి, లేకపోతే ఆయన ఎంచుకున్నది అప్పటికే వేరొకరికి ఇచ్చేసి ఉంటాం. రెండు చాలు, కాని అవి రెండు వేర్వేరు రోజుల్లో, ఒకటి పొద్దున ఒకటి మధ్యాహ్నం ఉండాలి. గురువారం 10, గురువారం 11 అని ఇస్తే ఆ రోజు ఆయన ఊళ్లో లేకపోతే రెండూ ఒకేసారి పోతాయి.

జవాబు రాకపోతే అదే ఉత్తరాన్ని “పైన చూడండి” అని మళ్లీ పంపకూడదు, ఎందుకంటే గురువారం అప్పటికే గడిచిపోయి ఉంటుంది. రెండో ఉత్తరంలో కొత్త తేదీలు రెండు, గడియారం లెక్క మళ్లీ సరిచూసి, రాయాలి. ఆయన క్యాలెండర్ సహాయకుల చేతిలో ఉందని తెలిస్తే మాత్రం ఈ పద్ధతి పక్కనపెట్టి, కావలసిన నిడివి, విషయం, మన వీలున్న వేళలు వారికే రాయాలి. సమయం వెతికి పెట్టడం అక్కడ వారి ఉద్యోగం.