బస్తాల లెక్క, ఉపగ్రహం లెక్క ఎందుకు కలవవు?

ఒక చేను ఎంత పెరిగిందో పండిన బస్తాలను బట్టీ లెక్కగట్టొచ్చు, ఉపగ్రహం చూసిన పచ్చదనాన్ని బట్టీ లెక్కగట్టొచ్చు. గోదావరి డెల్టాలో ఒక దాళ్వా చేను తీసుకుందాం. ఎకరాకు 40 బస్తాలు, బస్తా 75 కిలోలు. అంటే చదరపు మీటరుకు దాదాపు 740 గ్రాముల ధాన్యం. ఇందులో 14 శాతం తేమ తీసేస్తే 640 గ్రాములు మిగులుతాయి. గింజ పైరులో ఒక భాగమే. నేలపైన పెరిగిన మొత్తంలో గింజ వాటా 45 శాతం అనుకుంటే, గడ్డితో కలిపి 1,420 గ్రాములు. వేళ్లకు పదో వంతు కలిపి, ఎండు బరువులో 45 శాతం కార్బన్ అని లెక్కిస్తే సుమారు 700 గ్రాముల కార్బన్. పైరు తన శ్వాసకు ఖర్చు పెట్టుకోగా మిగుల్చుకున్నది ఇదే. దీన్నే నికర ప్రాథమిక ఉత్పాదకత అంటారు.

ఇప్పుడు అదే చేనును పైనుంచి చూద్దాం. నాటిన దగ్గర్నుంచి కోత దాకా పైరు మీద పడిన, కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగు చదరపు మీటరుకు 1,000 మెగాజౌళ్లు అనుకుందాం. ఎన్‌డీవీఐ లాంటి పచ్చదనం సూచికను బట్టి అందులో 65 శాతం ఆకులు పట్టుకున్నాయి. మోడిస్ అనే ఉపగ్రహ పరికరం ఆధారంగా చేసే లెక్కలో, పంట భూములకు ఆకులు పట్టుకున్న ఒక్కో మెగాజౌలుకు గరిష్ఠంగా 1.044 గ్రాముల కార్బన్ ఇస్తారు. చలి, పొడిగాలి పేరిట ఏమీ తగ్గించకపోయినా వచ్చేది 680 గ్రాములు. అదీ శ్వాస ఖర్చు తీయకముందు! సగం తీసేస్తే మిగిలేది 340.

ఇక్కడే ఆగి చూడాలి. రైతు బస్తాల్లో తేలిన మిగులు, ఉపగ్రహం చెప్పే మొత్తం సంపాదన కంటే ఎక్కువ. అలా జరగడానికి వీల్లేదు. బస్తాలు తూకం వేసినవి కాబట్టి నా అనుమానం ఆ 1.044 మీదే. వరికి, మొక్కజొన్నకు, కందికి అన్నింటికీ అదే గుణకం. పైగా ఉపగ్రహ చిత్రంలోని 500 మీటర్ల ఒక్కో చుక్కలో చేనుతో పాటు కాలువ, చేపల చెరువు, గట్టు మీద కొబ్బరిచెట్లు కూడా ఉంటాయి.

అలాగని కోత లెక్క తప్పు చేయదని కాదు. ప్రభుత్వ గణాంకాల్లో దిగుబడి చాలాసార్లు బియ్యంలో ఉంటుంది. దాన్ని ధాన్యం అనుకుంటే మూడో వంతు అక్కడే పోతుంది. సార్వాలో పూత మీద తుపాను పడిందనుకోండి. కంకి చేతిలోకి తీసుకుని నొక్కితే సగం తాలు. గడ్డి మాత్రం మామూలుగానే ఉంటుంది. గింజ వాటా 45 నుంచి 30కి పడిపోయిన ఆ ఏడాది కూడా పాత 45తోనే భాగిస్తే, పెరిగిన పైరులో మూడో వంతు కాగితం మీద మాయమవుతుంది. ఆ చేను ఎంత పెరిగిందన్న విషయంలో అప్పుడు ఉపగ్రహం మాటే నిజానికి దగ్గర. ఎంత పండిందో మాత్రం అది చెప్పలేదు.

అందుకే రెండు అంకెలూ కలవడానికి గుణకాన్ని దిగుబడితోనే సరిచేసి, తర్వాత అదే దిగుబడితో పోల్చి 'సరిపోయింది' అనడం నాకు నచ్చదు. సరిచేయడానికి ఒక మండలం పంటకోత ప్రయోగాలు వాడితే, పోల్చడానికి వేరే మండలానివి తీసుకోవాలి. ఆ ప్రయోగాల్లో కోసి తూచే 5 మీటర్ల గడిలో గింజతో పాటు గడ్డి కూడా తూస్తే, 45 అని ఊహించాల్సిన పనే ఉండదు.