21 రోజుల లెక్క ఎక్కడిది?

“ఏ అలవాటైనా 21 రోజులు వరుసగా చేస్తే జీవితాంతం నిలిచిపోతుంది. మధ్యలో ఒక్క రోజు తప్పినా మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలి. తీపి మానండి, తెల్లవారుజామున 5 గంటలకు లేవండి. రెండూ ఇవాళే ప్రారంభించండి!”

మిత్రులారా, ఆరోగ్య దినోత్సవం పుణ్యమా అని మన వాట్సాప్ గ్రూపులో ఈ సందేశం తెగ తిరుగుతోంది. మొదట ఆ 21 సంగతి చూద్దాం. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో ఒక పుస్తకం రాశారు. శస్త్రచికిత్స చేయించుకున్నవారికి తమ కొత్త ముఖం అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని అందులో చెప్పారు. ముక్కు సరిచేయించుకున్నవారి లెక్కను మనం టీలో చక్కెరకు అంటగడుతున్నామన్నమాట.

అలవాట్ల మీదే జరిగిన పరిశోధన వేరే ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఒక్కొక్కరూ తిండికో, పానీయానికో, వ్యాయామానికో సంబంధించిన ఒకే పనిని ఎంచుకుని, దాన్ని రోజూ జరిగే ఏదో సందర్భానికి ముడిపెట్టుకున్నారు. ‘అల్పాహారం కాగానే గ్లాసు నీళ్లు’ లాంటివి. ఆ పని తలచుకోకుండానే జరిగిపోయే స్థితికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. ఆ 12 వారాల తీరును బట్టి వేసిన అంచనాలు ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజుల దాకా ఉన్నాయి. నెల దాటినా మీకు ఇంకా గుర్తుచేసుకోవలసి వస్తుంటే అందులో వింతేమీ లేదు.

ఒక రోజు తప్పితే? అప్పుడప్పుడు ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు పడటానికి పెద్దగా ఆటంకం కలగలేదని అదే పరిశోధనలో తేలింది. ఆదివారం పెళ్లి భోజనంలో లడ్డూ తిన్నారని సోమవారం లెక్క సున్నాకు రాదు. సున్నాకు వచ్చిందనుకుని మొత్తం వదిలేయడమే నష్టం.

తీపి మానడమంటే రోజుకు ఇరవై చోట్ల మనసును బిగపట్టడం. దానికన్నా టీ దగ్గర ఆగండి. మన టీ మెషిన్‌లో వాడే పొడిలో చక్కెర ముందే కలిసి ఉంటుంది, తగ్గించుకునే వీలే లేదు. చక్కెర లేని పొడి, పక్కన చక్కెర డబ్బా పెట్టించమని అడుగుదాం. అప్పుడు కప్పు చేతిలోకి రాగానే రెండు చెంచాలకు బదులు ఒకటి. సందర్భం అదే, పని చిన్నది.

ఇక 5 గంటలకు లేవడం. అర్ధరాత్రి పడుకునేవారికి అది ఐదు గంటల నిద్ర. పెద్దవాళ్లకు కనీసం ఏడు కావాలి. కాబట్టి ముందు త్వరగా నిద్ర పట్టేలా సాయంత్రం వైపు నుంచి రండి. కెఫీన్ శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. మనిషిని బట్టి ఇది మారుతుంది. ఆరు గంటలకు తాగిన టీలో సగం కెఫీన్ పదకొండింటికి పక్క మీద మీతోనే ఉంటుంది. అందుకే చివరి టీ నాలుగు లోపు ముగించండి. రాత్రి షిఫ్టు వారు గడియారాన్ని కాదు, తాము పడుకునే వేళను చూసుకుని ఏడెనిమిది గంటలు వెనక్కి లెక్కపెట్టుకోవాలి.